సొరుగు ఊడిపోతోందా? ముందు టేపు తీయండి

ప్రశ్న: వంటింట్లో గిన్నెల సొరుగు సగం దాకా వచ్చి ఇరుక్కుంటోంది. గట్టిగా లాగితే ఓ పక్క ఛానెల్ నుంచి ఊడిపోతోంది. ఛానెళ్లు మార్చాల్సిందేనా?

జవాబు: తొందరపడకండి. సొరుగు పూర్తిగా లాగితే రెండు పక్కలా నల్లటి ప్లాస్టిక్ మీటలు కనిపిస్తాయి. సాధారణంగా ఒకదాన్ని పైకి, రెండోదాన్ని కిందికి నొక్కి లాగితే సొరుగు చేతికొస్తుంది. ఇప్పుడు అరలో రెండు ఛానెళ్ల మధ్య దూరాన్ని ముందూ వెనకా కొలవండి. ముందు 2 మి.మీ. ఎక్కువ ఉంటే అక్కడ పట్టు వదులై ఊడుతోందన్నమాట. ముందు స్క్రూల దగ్గర ఒక్కో ఛానెల్ వెనక 1 మి.మీ. సన్‌మైకా ముక్క పెట్టి బిగించండి. ఎత్తులో తేడా ఉంటే, కోలగా ఉన్న రంధ్రాల్లోని స్క్రూలు వదులు చేసి సరిచేయండి. కుదిరాక గుండ్రటి రంధ్రంలో మరో స్క్రూ వేస్తే మళ్లీ జారదు.

సొరుగు తిరిగి పెట్టేటప్పుడు బాల్ బేరింగుల పట్టీని ముందుకు లాగి ఉంచండి. లేదంటే అది వంగి గుళ్లు రాలిపోతాయి. అప్పుడు మాత్రం ఛానెల్ మార్చాల్సిందే.

మీవి పాతకాలం రోలర్ ఛానెళ్లయితే చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. ఓ పక్క అరిగి చదునైతే సొరుగు కుదుపులతో కదులుతుంది. చాలావాటిలో చక్రం రివెట్‌తో బిగించి ఉంటుంది కాబట్టి, అదే పొడవు జత కొనడమే సులువు.