గునుగు పూల షార్ట్‌కి ఏ ట్యాగ్‌లు, ఏ రోజు?

డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీల్లో, న్యూస్ పోర్టళ్లలో, బట్టల షాపులకూ నగల షాపులకూ పేజీలు నడిపే చిన్న సంస్థల్లో సోషల్ మీడియా ఎగ్జిక్యూటివ్ ఉద్యోగానికి వెళ్తే ఒక పరీక్ష తరచుగా ఎదురవుతుంది. పండగ మీద ఒక షార్ట్ ఇచ్చి, దీనికి హ్యాష్‌ట్యాగ్‌లు రాయండి, ఎప్పుడు పోస్ట్ చేస్తారో చెప్పండి అంటారు. చాలామంది అభ్యర్థులు #viral, #trending, #festival మొదలుకొని ఇరవై ముప్పై ట్యాగ్‌లు రాసేసి, సాయంత్రం ఏడు గంటలకు అని ముగిస్తారు. ఎందుకు అని అడిగితే జవాబు ఉండదు. ఉద్యోగం ఇచ్చేది ఆ ‘ఎందుకు’కి జవాబు చెప్పగలిగిన వాళ్లకే. యూట్యూబ్ షార్ట్స్‌నూ బతుకమ్మ పండగనూ తీసుకుని ఆ జవాబు ఎలా తయారవుతుందో చూద్దాం.

వరంగల్‌లో డిగ్రీ చదివే అమ్మాయి ఒక షార్ట్ తీసింది అనుకుందాం. నిడివి నలభై సెకన్లు. గునుగు కాడల్ని ఒకే పొడవుకి కోసి, చిన్న చిన్న కట్టలు కట్టి, చివర్లను రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టడం వరకూ చూపించింది. ఇది ఎవరికి పనికొస్తుంది? సద్దుల బతుకమ్మకి పెద్ద బతుకమ్మ పేర్చబోయే వాళ్లకి. ఎప్పుడు పనికొస్తుంది? పండగ రోజు సాయంత్రం కాదు. అప్పటికి బతుకమ్మ పేర్చడం అయిపోయి, ఆడవాళ్లు ఆటకి బయల్దేరి ఉంటారు. ఒకటి రెండు రోజుల ముందే గునుగు తెచ్చుకుని రంగులు అద్దుకుంటారు కాబట్టి, వీడియో అంతకన్నా ముందే వాళ్ల ఫోన్లో ఉండాలి. ట్యాగ్‌లయినా, సమయమైనా ఈ రెండు ప్రశ్నల నుంచే వస్తాయి.

ముందు పెద్ద ట్యాగ్‌ల సంగతి. పండగ పేరున్న ట్యాగ్ ఏదైనా మనదే అనుకోకూడదు. యూట్యూబ్ సెర్చ్‌లో #dasara కొట్టి, వచ్చిన ట్యాగ్ మీద నొక్కి చూడండి. ఆ పేరుతో 2023లో నాని సినిమా వచ్చింది కాబట్టి సినిమా క్లిప్పులు కలుస్తాయి. మైసూరు దసరా వీడియోలకూ అదే పేరు. #navratri గుజరాత్ గర్బా వైపు లాక్కెళ్తుంది. గునుగు పూల వీడియో ఆ గుంపులో పడితే, చూడాల్సిన వాళ్లకి కనిపించకుండా, కనిపించిన వాళ్లు పైకి తోసేసే వీడియో అవుతుంది. షార్ట్స్ ఫీడ్‌లో అది నష్టమే. ఎంతమంది ఆగి చూశారు, ఎంతమంది దాటేశారు అన్నదాన్ని యూట్యూబ్ లెక్కలోకి తీసుకుంటుంది. అందుకే ఈ వీడియోకి విస్తృతమైన ట్యాగ్ అంటే #bathukamma. అది పెద్దదే, అందులో పోటీ ఎక్కువే. అయినా అక్కడికి వచ్చే వాళ్లంతా ఈ పండగ కోసం వచ్చిన వాళ్లే. #viral లాంటి వాటికి ఆ గుణం కూడా లేదు, వాటిని పూర్తిగా వదిలేయండి. #shorts అని పెట్టాల్సిన అవసరమూ లేదు. నిలువుగానో చదరంగానో తీసి, మూడు నిమిషాలు దాటకుండా ఉంటే యూట్యూబ్ దాన్ని షార్ట్‌గానే తీసుకుంటుంది.

మధ్యస్థంగా ఉండేది #saddulabathukamma. ఇది పండగలో ఒక రోజుని పట్టుకుంటుంది. ఇక చిన్నవి: #గునుగుపూలు, #gunugupuvvu. ఇవి వెతికే వాళ్లు తక్కువే. కానీ వెతికిన వాళ్లకి కావలసింది సరిగ్గా మీ వీడియోయే. తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకటి పెట్టడానికి కారణం ఉంది. ఫోన్లో తెలుగు కీబోర్డు వాడేవాళ్లు, తెలుగు మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టేవాళ్లు వేర్వేరు మనుషులు. కొత్త కెమెరాతోనూ, ఎడిటింగ్ యాప్‌తోనూ రాని మేలు ఈ ఒక్క శ్రద్ధతో వస్తుందని నా నమ్మకం. ట్యాగ్‌లో ఖాళీ ఉండకూడదన్న సంగతి మరవకండి. ‘గునుగు’ తర్వాత స్పేస్ వచ్చిందంటే ట్యాగ్ అక్కడికే తెగిపోతుంది.

చిన్న ట్యాగ్ పనికొస్తుందో లేదో తెలుసుకోవడానికి దాని పేజీ తెరిచి రెండు విషయాలు చూడాలి. ఒకటి, అక్కడున్న వీడియోలు మీ వీడియోకి పోలికగా ఉన్నాయా? రెండు, వాటిలో ఈ మధ్య పెట్టినవి ఉన్నాయా? అన్నీ పాతవే ఉంటే ఆ మాట జనం వాడటం మానేశారని అర్థం చేసుకుని వేరే స్పెల్లింగ్ ప్రయత్నించాలి. పేజీ మొత్తం డీజే పాటల క్లిప్పులతో నిండి ఉంటే, పేరు సరిపోయినా ఆ గుంపు మీది కాదు. బొడ్డెమ్మ ఊసు లేని వీడియోకి #boddemma తగిలించే అలవాటు కొందరికి ఉంది. బతుకమ్మకి ముందు ఆడే బొడ్డెమ్మ వేరే పండగ. వీడియోలో లేనిదాన్ని ట్యాగ్‌లో పెడితే వీడియోని తీసేసే అధికారం కూడా యూట్యూబ్ నిబంధనల్లో ఉంది.

లెక్క విషయానికొస్తే, ఒక వీడియోకి అరవైకి మించి హ్యాష్‌ట్యాగ్‌లు పెడితే యూట్యూబ్ అన్నిటినీ పక్కన పెట్టేస్తుంది. అంత దూరం పోనక్కర్లేదు, నాలుగైదు చాలు. ఎక్కడ పెట్టాలన్నదే అసలు చిక్కు. ఫోన్ నుంచి షార్ట్ అప్‌లోడ్ చేసేటప్పుడు ముందుగా కనిపించే పెట్టెలో రాసేది టైటిల్ అవుతుంది. దానికి వంద అక్షరాలే పరిమితి. అక్కడ ట్యాగ్‌లు కుక్కితే అసలు మాటకి చోటుండదు. టైటిల్‌లో విషయం రాసి, ఒక్క ట్యాగ్ పెట్టి, మిగతావి డిస్క్రిప్షన్‌లో వేయండి. మన వీడియోకి ఇలా ఉంటుంది:

```
టైటిల్: గునుగు పూలకు రంగు ఇలా అద్దండి #bathukamma
డిస్క్రిప్షన్: #saddulabathukamma #గునుగుపూలు #gunugupuvvu
```

ఏడాదిని టైటిల్‌లో పెట్టకపోవడం కావాలని చేసిందే. తయారీ నేర్పే వీడియోని వచ్చే ఏడు కూడా వెతుకుతారు. పాత ఏడాది అంకె కనిపిస్తే దాటేస్తారు. ఏడాది ట్యాగ్ కావాలనుకుంటే డిస్క్రిప్షన్‌లో పెట్టి, మళ్లీ పండగ వచ్చినప్పుడు మార్చుకోవచ్చు.

ఇప్పుడు రోజు సంగతి. బతుకమ్మ తిథిని బట్టి వస్తుంది. 2024లో అక్టోబర్ 2న ఎంగిలిపూలతో మొదలై 10న సద్దులు అయ్యాయి. 2025లో సెప్టెంబర్ 21నే మొదలైంది. పోయినేడు షెడ్యూల్‌ని తేదీలు మార్చకుండా వాడితే పండగ అయిపోయాక పోస్టులు పడతాయి. అందుకే షెడ్యూల్‌ని తేదీలతో కాకుండా పండగలో ఎన్నో రోజు అన్న లెక్కతో రాసుకోవాలి. 2024 క్యాలెండర్ మీదే మన షార్ట్‌ని పెట్టి చూద్దాం. సద్దులు అక్టోబర్ 10, గురువారం. పూలు తెచ్చుకుని రంగులద్దేది 8, 9 తేదీల్లో. కాబట్టి వీడియో 7వ తేదీకే బయట ఉండాలి. ఆ రోజు ఆరో రోజు, అలిగిన బతుకమ్మ. ఆ రోజు బతుకమ్మ పేర్చరు, ఆట ఉండదు. మిగతా రోజుల్లో సాయంత్రాలు ఆరుబయట గడిపే ఆడవాళ్లు ఆ సాయంత్రం ఇంట్లోనే ఉంటారు. తయారీ వీడియోకి అంతకన్నా మంచి సాయంత్రం దొరకదు. నేనైతే మధ్యాహ్నం రెండింటికి షెడ్యూల్ చేస్తాను, సాయంత్రానికల్లా ఫీడ్‌లో నాలుగు చోట్ల తిరగడానికి దానికి వ్యవధి ఉంటుంది. ఈ పండగ తెలియని పేజీ నిర్వాహకులు అదే ఆరో రోజున ‘నేటి బతుకమ్మ’ అని పూల బొమ్మ పోస్ట్ చేసి కామెంట్లలో మాటలు పడుతుంటారు. తెలంగాణలో పెరిగిన అభ్యర్థికి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఇంతకన్నా బలమైన విషయం ఉండదు.

ఊరూరికీ తేడా ఉంటుందన్నదీ గుర్తుంచుకోవాలి. వేములవాడలో సద్దుల బతుకమ్మ ఏడో రోజునే జరుపుకుంటారు. మీ క్లయింట్ షాపు అక్కడిదైతే ఆరో రోజు ఆలస్యమే, నాలుగో రోజుకే వీడియో వెళ్లాలి. అమెరికాలోని తెలుగువాళ్లు చూడాలంటే లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ సంఘాల బతుకమ్మ ఎక్కువగా వారాంతాల్లో జరుగుతుంది, చాలాచోట్ల గునుగు దొరకదు, షాపులో కొన్న పూలతోనే పేరుస్తారు. వాళ్లకి చేసే వీడియో వేరు, దానికి #gunugupuvvu కన్నా ఊరి పేరున్న ట్యాగ్ నయం. డాలస్‌లో గురువారం రాత్రి ఎనిమిదికి చేరాలంటే అక్టోబర్‌లో మనకది శుక్రవారం ఉదయం ఆరున్నర.

ఆట, పాట, ముస్తాబు చూపే వీడియోలకి ఈ ముందస్తు లెక్క వర్తించదు. వాటిని అదే రాత్రి, లేదంటే మర్నాడు పొద్దున్నే పెట్టేయాలి. రెండు రోజులు దాటితే జనం దసరా జమ్మి మీదికి వెళ్లిపోతారు.

వీడియోని మాత్రం షెడ్యూల్ సమయానికి కొన్ని గంటల ముందే ఎక్కించి ఉంచండి. హెచ్‌డీ నాణ్యత సిద్ధం కావడానికీ, కాపీరైట్ తనిఖీకీ సమయం పడుతుంది. బతుకమ్మ పాటల్లో చాలావాటికి మ్యూజిక్ కంపెనీల హక్కులున్నాయి. నిమిషం దాటిన షార్ట్‌లో అలాంటి పాటకి కంటెంట్ ఐడీ క్లెయిమ్ పడితే వీడియో ఎక్కడా కనిపించదు.

వీడియో వెళ్లిన మర్నాడు యూట్యూబ్ స్టూడియోలో దాని అనలిటిక్స్ తెరవండి. చూపులు ఎక్కడినుంచి వచ్చాయో అందులో ఉంటుంది: షార్ట్స్ ఫీడ్, యూట్యూబ్ సెర్చ్, హ్యాష్‌ట్యాగ్ పేజీలు వేరువేరుగా. అత్యధికం ఫీడ్ నుంచే వస్తాయి, హ్యాష్‌ట్యాగ్ పేజీల వాటా చిన్నది. దానికి నిరుత్సాహపడొద్దు. ట్యాగ్ చేసే పని వీడియో దేని గురించో చెప్పడం, వెతికిన వాళ్లకి దారి చూపడం. మొదటి రెండు సెకన్లు బాగాలేని వీడియోని ఏ ట్యాగూ నిలబెట్టదు. మీరు శ్రద్ధగా చూడాల్సింది సెర్చ్ కింద వచ్చే మాటల జాబితా. జనం ‘gunugu puvvu color’ అని కొట్టి వచ్చినట్టు కనిపిస్తే, తర్వాతి వీడియో టైటిల్‌లో, ట్యాగ్‌లో ఆ మాటే ఉండాలి. ఊహించి పెట్టిన ట్యాగ్ కన్నా జనం కొట్టిన మాట ఎప్పుడూ మేలు. ఛానల్ కొత్తదైతే ఈ జాబితా ఖాళీగా ఉండొచ్చు. ప్రేక్షకులు ఏ వేళల్లో యూట్యూబ్‌లో ఉంటారో చూపే పటం కూడా అప్పుడే రాదు. నాలుగైదు వీడియోలు వెళ్లేదాకా పండగ క్రమమే మీకు ఆధారం.

ఇంటర్వ్యూకి తీసుకెళ్లాల్సింది ఇదే: ఒక్క పేజీ పట్టిక. వీడియో పేరు, పెట్టిన ట్యాగ్‌లు, ఒక్కోటీ ఎందుకు పెట్టారన్నది ఒక్క వాక్యం, పండగలో ఎన్నో రోజు ఏ వేళకి వెళ్లింది, మర్నాటికి ఏ దారి నుంచి ఎన్ని చూపులు, తర్వాతి వీడియోకి ఏం మార్చారు. చూపులు మూడు వందలే అయినా ఫర్వాలేదు, అంకెల్ని పెంచి రాయకండి. తొమ్మిది రోజుల్లో నాలుగు షార్ట్‌లు చేస్తే పట్టిక నిండుతుంది. వచ్చే ఎంగిలిపూల బతుకమ్మ ఏ తేదీన పడుతుందో ఈరోజే పంచాంగంలో చూసుకుని, నాలుగు వీడియోల పేర్లూ వాటి రోజులూ రాసి పెట్టుకోండి.