మూడేళ్ల అనుభవంలో పద్నాలుగు నెలలే కనిపిస్తే

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడ్‌ని. ఒక అబ్బాయి రెజ్యూమెలో 3 ఏళ్ల అనుభవం ఉందని, పేమెంట్ గేట్‌వే పని అంతా తనే చేశానని రాశాడు. ఇంటర్వ్యూలో గడగడా చెప్పాడు. తీరా అతను ఇచ్చిన పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో 14 నెలలే ఉన్నాయి. ‘ఫేక్ ఎక్స్‌పీరియన్స్, పక్కన పెట్టేద్దాం’ అంటున్నారు మా హెచ్‌ఆర్. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 14 నెలల సంగతి. పీఎఫ్‌లో లేనంత మాత్రాన ఉద్యోగమే లేదని కాదు. 20 మంది కంటే తక్కువ ఉన్న చాలా సంస్థలకు పీఎఫ్ తప్పనిసరి కాదు. మొదటి ఉద్యోగంలోనే మూల వేతనం, డీఏ కలిపి 15,000 దాటినవారిని చేర్చకపోయినా చట్టం ఒప్పుకున్న రోజుల్లో చేరి ఉండవచ్చు. మిగతా కాలానికి జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి. ఫారం 26ఏఎస్‌లో కంపెనీ పేరు ఉంటే ఇంకా మంచిది. టీడీఎస్ కోయనంత చిన్న జీతమైతే అందులో కనిపించదు, అదీ గుర్తుంచుకోండి.

ఇక పని. గడగడా చెప్పడం పెద్ద లెక్క కాదు, కోచింగ్‌లో అది నేర్పుతారు. ‘పేమెంట్ గేట్‌వే ఎలా పనిచేస్తుంది’ అని అడగకండి. ‘కస్టమర్ ఖాతాలో డబ్బు పోయింది, మీ సైట్‌లో ఆర్డర్ మాత్రం పెండింగ్‌లో ఉంది. అలాంటిది ఎప్పుడైనా వచ్చిందా? ఆరోజు మీరు మొదట ఏం తెరిచి చూశారు?’ అని అడగండి. చేసినవాడు లాగ్‌లో ట్రాన్సాక్షన్ ఐడీ వెతకడం దగ్గర మొదలుపెడతాడు. ఒకే వెబ్‌హుక్ రెండుసార్లు వస్తే ఆర్డర్ రెండుసార్లు పడకుండా ఏం చేశారో అడిగితే, ఆ ఐడీ ముందే నమోదైందో లేదో చూసేవాళ్లమంటాడు. ‘మేము’ అన్న చోటల్లా ఆగి, ‘అందులో మీ చేత్తో రాసింది ఏది?’ అనండి. చేయనివాడు మళ్లీ నిర్వచనాల్లోకి వెళ్లిపోతాడు. అయితే కంగారులో మాట తడబడటాన్ని అబద్ధంగా లెక్కేయకండి. అదే విషయం పది నిమిషాల తర్వాత మరో వైపు నుంచి అడిగి చూడండి.

అప్పటికీ పొంతన కుదరకపోతే గదిలో మీరు, హెచ్‌ఆర్, ఆ అబ్బాయి మాత్రమే కూర్చోండి. ‘రెజ్యూమెలో 36 నెలలు, ఇక్కడ 14. మధ్యలో ఏం జరిగింది?’ అని అడిగి ఊరుకోండి. కాగితాలు తేవడానికి రెండు రోజులివ్వండి. అతని అనుమతి లేకుండా ఇప్పుడున్న కంపెనీకి ఫోన్ చేయకండి, ఉన్న ఉద్యోగం పోవచ్చు.

టీమ్ చేసిన పనిని తన పేరున రాసుకుంటే అది అతిశయోక్తి. 14 నెలల అనుభవానికి తగిన స్థాయి, జీతం ఇచ్చి తీసుకోవచ్చు, నేనైతే తీసుకుంటాను. లేని కంపెనీ పేరున లెటర్, పే స్లిప్‌లు పుట్టించి ఉంటే మాత్రం వద్దు. కారణం అతనికే చెప్పండి, వాట్సాప్ గ్రూపుల్లో అతని పేరు తిప్పకండి.