రీఛార్జి పద్దు చెప్పిన సంగతి

మా శాఖ జగిత్యాల ప్రాంతంలో ఉంది. మా ఖాతాదారుల్లో గల్ఫ్‌లో పనిచేసేవారు చాలామంది. కిందటి మార్చిలో వారిలో ఒకాయన కువైట్ నుంచి ఫోన్ చేశాడు. తన ఎన్.ఆర్.ఇ. ఖాతాలో స్థానిక చెల్లింపుల కోసం భార్యకు ఇచ్చిన మాండేట్‌ను రద్దు చేయమన్నాడు.

"నెలకు పాతిక వేలు పంపుతున్న సార్. యాడికి పోతున్నయో తెల్వదు. రీఛార్జులు చూస్తే అంతా ఆగమాగం ఉంది" అన్నాడు.

ఆయన బాధ నాకు అర్థమైంది. ఖాతా స్టేట్‌మెంట్‌లో డబ్బు పడిన తేదీ, మర్నాడు ఒకేసారి తీసిన నగదు మాత్రమే కనిపిస్తాయి. ఆ నగదు తర్వాత ఏమైందో స్టేట్‌మెంట్ చెప్పదు. అందుకని ఆయన టెలికాం కంపెనీ యాప్ తెరిచాడు. సెలవుకు వచ్చినప్పుడే ఇంట్లోని నంబర్లన్నీ ఓటీపీతో అందులో కలుపుకున్నాడు. కొట్టులో నగదు ఇచ్చి చేయించిన రీఛార్జి కూడా ఆ యాప్‌లో కనిపిస్తుంది.

ఆయనకు కనిపించినవి రెండు. భార్య ఫోన్ రెండుసార్లు ఆగిపోయింది. కొడుకు నంబరుకు 19 రూపాయల ఒకరోజు డేటా ప్యాక్‌లు ఏడు పడ్డాయి. భార్య కావాలనే ఫోన్ ఆపుతోందనీ, కొడుకు ఆటల్లో పడ్డాడనీ ఆయన తేల్చుకున్నాడు.

"రద్దు చేయమంటే చేస్తాను. ముందు తేదీలు చదవండి, రాసుకుందాం" అన్నాను.

భార్య ప్లాన్ 299 రూపాయలది, 28 రోజులకు. జనవరి 5న చేయిస్తే ఫిబ్రవరి 1తో గడువు ముగిసింది. తర్వాతి రీఛార్జి ఫిబ్రవరి 6న. అంటే మధ్యలో నాలుగు రోజులు ఖాళీ. అది మార్చి 5తో ముగిసింది, మళ్ళీ చేయించింది మార్చి 11న. ఖాళీ ఐదు రోజులు.

ఈ రెండు ఖాళీలూ ఒకటి కావు. జనవరికి 31 రోజులు, ప్లాన్‌కు 28. మొదటి ఖాళీలో మూడు రోజులు క్యాలెండర్ వల్ల వచ్చినవే. ఫిబ్రవరికి 28 రోజులే కాబట్టి రెండో ఖాళీకి ఆ సాకు లేదు. అప్పుడు స్టేట్‌మెంట్ పక్కన పెట్టి చూశాం. ఆయన డబ్బు జనవరి 4న, ఫిబ్రవరి 5న, మార్చి 10న పడింది. మూడుసార్లూ డబ్బు పడిన మర్నాడే రీఛార్జి జరిగింది. అంటే డబ్బు వచ్చేదాకా ఇంట్లో 299 రూపాయలు కూడా మిగలడం లేదు.

"మరి పిల్లగాని సంగతి?" అన్నాడు. ఆ ఏడు ప్యాక్‌ల తేదీలూ చదవమన్నాను. మూడు మొదటి ఖాళీలో, నాలుగు రెండో ఖాళీలో ఉన్నాయి. బయటి రోజుల్లో ఒక్కటీ లేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఆ దినాలు పిల్లగాని ఫోన్ల నుంచే నాతోని వీడియో కాల్ మాట్లాడింది సార్" అన్నాడు.

డబ్బు ఎందుకు మిగలడం లేదో మాత్రం రీఛార్జి పద్దు చెప్పదు. ఎప్పుడు మిగలలేదో చెబుతుంది, అంతే. "ఎందుకన్నది ఇంట్లో అడగండి, కోపంగా కాదు" అన్నాను. మాండేట్ సంగతి వారం ఆగి చూద్దామన్నాడు.

వారం తిరక్కముందే ఆమె బంగారంతో మా శాఖకు వచ్చింది. అత్తగారి ఆసుపత్రి ఖర్చుకు లక్ష రూపాయలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది. నెలకు రెండు వేలు వడ్డీకే పోతోంది, అసలు అట్లాగే ఉంది.

"ఆయనకు చెప్తే ఆడ నిద్రపోడని చెప్పలేదు సార్" అంది.

రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. ఆమెకు బంగారు ఋణం 9 శాతానికి వచ్చింది. లక్షకు నెల వడ్డీ 750 రూపాయలు. బయటి అప్పు ఆ రోజే తీర్చేశారు. మిగిలిన 1,250 రూపాయలు నెలనెలా అసలులో కట్టమని చెప్పాను.

ఫోన్‌కు నెలవారీ ప్లాన్ వేయించుకోమన్నాను. ప్రతి నెలా అదే తేదీన పునరుద్ధరించుకునే ప్లాన్ కనీసం ఒక్కటైనా ఉంచాలని ట్రాయ్ 2022లోనే కంపెనీలను ఆదేశించింది. జీతం నెలకు, రీఛార్జి 28 రోజులకు ఉన్నప్పుడు గడువు తేదీ క్రమంగా జీతం తేదీ కంటే ముందుకు జరుగుతుంది. ఆయన జీతమే ఆలస్యమైతే ఈ ప్లాన్ కూడా ఆదుకోదు కాబట్టి, ఒక రీఛార్జికి సరిపడా డబ్బు ఖాతాలోనే వదిలి మిగతాది తీసుకోమన్నాను.

రద్దు చేయమని ఆయన మళ్ళీ అడగలేదు. ఆ మాండేట్ ఇప్పటికీ అమల్లోనే ఉంది.