క్యారట్ రసం – పచ్చబడిన చేతులు

ఈశ్వరమ్మకు 42 ఏళ్లు. మిషను మీద జాకెట్లు కుట్టి సంసారం నడుపుతుంది. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడం కష్టమైపోయింది. సూదిని దూరంగా పట్టుకుంటే కనిపిస్తుంది. దగ్గరకు తెస్తే మసక.

"క్యారట్ కంటికి మంచిదంట వదినా. రోజూ రసం తాగు" అని పక్కింటి రమణమ్మ చెప్పింది.

చలికాలం. సంతలో క్యారట్ చవకగా దొరుకుతోంది. ఈశ్వరమ్మ మొదలుపెట్టింది. అర కిలో క్యారట్లు ముక్కలు కోసి, మిక్సీలో తిప్పి, గుడ్డలో వేసి పిండితే ఒక పెద్ద గ్లాసు రసం వచ్చేది. రుచికి రెండు చెంచాల చక్కెర కలిపేది. పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు తాగేది. మిగిలిన పిప్పి గేదె కుడితిలోకి పోయేది.

ఇంట్లో అత్త రాజమ్మ ఉంది. ఆమెకు షుగరు జబ్బు. ఆమెకూ పొద్దున పూట ఒక గ్లాసు ఇచ్చేది, చక్కెర వేయకుండా.

నెలా పదిహేను రోజులు గడిచాయి. ఈశ్వరమ్మ అరచేతులు పచ్చగా కనిపించాయి. కూరలో వేసిన పసుపు అంటుకుందేమో అనుకుంది. సబ్బు పెట్టి రుద్దింది. పోలేదు. చూస్తే అరికాళ్లూ పచ్చగానే ఉన్నాయి. ముక్కు పక్కల కూడా ఆ రంగే.

రమణమ్మ చూసి గుండెల మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, పచ్చకామెర్లు! పై ఊళ్లో పసరు పోస్తారు. రేపే పోదాం. ఉప్పూ కారం మానెయ్యి."

మర్నాడు ఇద్దరూ బస్సు కోసం నిలబడ్డారు. ఆ రోజు అంగన్‌వాడీలో పిల్లలకు టీకాలు. నర్సమ్మ ఎదురు వచ్చింది. సంగతి విని ఈశ్వరమ్మను నీడలోంచి ఎండలోకి తీసుకువచ్చింది.

"అక్కా, కిందికి చూడు" అంది. పై రెప్ప ఎత్తి కంటి తెల్లగుడ్డు చూసింది. కింది రెప్ప లాగి మళ్లీ చూసింది. తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. కాస్త కూడా పచ్చదనం లేదు.

"ఒంటికి పోసే నీళ్లు ఏ రంగులో ఉన్నాయి?"

"మామూలుగానే ఉన్నాయమ్మా."

"ఆకలి?"

"బాగానే ఉంది. వాంతులు లేవు. జ్వరం లేదు."

"రోజూ ఏం తింటున్నావు?"

ఈశ్వరమ్మ క్యారట్ రసం మాట చెప్పింది. నర్సమ్మ నవ్వింది. "ఇవి కామెర్లు కావు అక్కా. నీ చేతికి వచ్చింది క్యారట్ రంగు" అంది.

క్యారట్‌కు ఆ రంగు ఇచ్చే పదార్థం పేరు బీటా కెరోటిన్. మన శరీరం దానినుంచి ఎ విటమిన్ తయారు చేసుకుంటుంది. కానీ ఎంత కావాలో అంతే తయారు చేసుకుంటుంది. మిగిలిన రంగు రక్తంలో తిరుగుతుంది. చర్మం కింది కొవ్వులో, చర్మం పైపొరలో చేరుతుంది. అరచేతుల్లో, అరికాళ్లలో చర్మం మందం. అందుకే అక్కడ ముందు కనిపిస్తుంది. కంటి తెల్లగుడ్డుకు మాత్రం ఈ రంగు ఎక్కదు.

కామెర్లలో అలా కాదు. కాలేయం పాడైనా, పైత్యరసం దారి మూసుకున్నా వేరొక పసుపు పదార్థం రక్తంలో పెరుగుతుంది. అది మొదట కంటి తెల్లగుడ్డులోనే బయటపడుతుంది. మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. ఆకలి చచ్చిపోతుంది. వికారం, నీరసం ఉంటాయి. కన్ను పచ్చబడితే మాత్రం "నేనూ క్యారట్ తిన్నాను కదా" అని ఇంట్లో కూర్చోకూడదు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. దీపం వెలుగులో చూస్తే ఎవరి కన్నయినా పచ్చగానే తోస్తుంది. పగటి వెలుతురులోనే చూడాలి.

రమణమ్మకు అనుమానం తీరలేదు. "పసరు పోయిస్తే నష్టమేముంది నర్సమ్మా?" అంది.

"నష్టం లేకేం? కంట్లో, ముక్కులో ఏ ఆకు రసం పోస్తారో ఎవరికి తెలుసు? కన్ను దెబ్బతినవచ్చు. నిజంగా కామెర్లే అయితే, వైద్యం అందాల్సిన రోజులు పసరుతో గడిచిపోతాయి. ఈమెకు ఏ జబ్బూ లేదు. రసం ఆపితే చాలు."

ఇంతకూ ఈశ్వరమ్మ రోజూ తాగింది ఎంత? రెండు గ్లాసులంటే కిలో క్యారట్ల రసం. కిలో పచ్చి క్యారట్లు నమిలి తినమంటే ఎవరివల్లా కాదు. నాలుగు తినేసరికి దవడలు నొప్పి పుడతాయి, కడుపు నిండుతుంది. రసం అయితే నాలుగు గుక్కల్లో లోపలికి పోతుంది. ఎంత తిన్నామో కడుపుకే తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

చక్కెర లెక్క కూడా అలాంటిదే. పెద్ద గ్లాసు క్యారట్ రసంలో క్యారట్‌దే సుమారు 10 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే రెండు చిన్న చెంచాలు. ఈశ్వరమ్మ పైన ఇంకో రెండు చెంచాలు వేసింది. గ్లాసుకు నాలుగు, రోజుకు ఎనిమిది చెంచాలు. టీలో వేసేది దీనికి అదనం.

"నాకు చక్కెర వేయలేదు కదమ్మా" అంది రాజమ్మ, నర్సమ్మ ఇంటికి వచ్చినప్పుడు.

"వేయకపోయినా రెండు చెంచాలు అందులోనే ఉంది పెద్దమ్మా. క్యారట్ నమిలి తింటే పీచు ఉంటుంది. ఆ పీచు వల్ల చక్కెర మెల్లగా రక్తంలోకి పోతుంది. మీ కోడలు పీచంతా గేదెకు పెట్టి, తీపి మీకు ఇచ్చింది."

రాజమ్మ గట్టిగా నవ్వింది. గేదెకు మాత్రం ఆ నెలన్నర బాగానే గడిచింది.

ఒక్క గ్లాసుతో ప్రాణం మీదికి రాదు. అయితే షుగరు ఉన్నవాళ్లు పొద్దున్నే పరగడుపున రసం తాగి, వెంటనే ఇడ్లీలు తింటే రెండూ కలిసి రక్తంలో చక్కెరను పెంచుతాయి. రసాన్ని నీళ్ల కింద లెక్కపెట్టకూడదు. తిండి కింద లెక్కపెట్టాలి.

మరి క్యారట్ ఎంత తినాలి? మనిషికి రోజుకు ఒక మాదిరి క్యారట్ సరిపోతుంది. ఆ రోజుకు కావలసిన ఎ విటమిన్‌లో చాలా భాగం అందులోనే దొరుకుతుంది. నలుగురున్న ఇంట్లో పావు కిలో తరిగి, ఒక చెంచా నూనెతో తాలింపు పెట్టి వండితే చాలు. నూనె తగిలితేనే ఆ రంగు పదార్థం ఒంటికి బాగా పడుతుంది. వండితే ఇంకా సులువుగా అందుతుంది. క్యారట్ దొరకని రోజుల్లో మునగాకు, తోటకూర, బొప్పాయి ఉన్నాయి. వాటిలోనూ ఈ పదార్థం ఉంది. ఆకుకూరల్లో పచ్చరంగు దాన్ని కప్పేస్తుంది, అంతే. రసమే తాగాలనిపిస్తే చిన్న టీ గ్లాసుడు, వడగట్టకుండా, చక్కెర లేకుండా, వారానికి ఒకటి రెండు సార్లు తాగవచ్చు.

"మరి నా కళ్ల సంగతి?" అని అడిగింది ఈశ్వరమ్మ.

ఎ విటమిన్ తక్కువైతే రేచీకటి వస్తుంది. మసక చీకట్లో కన్ను కనబడదు. దానికి క్యారట్, ఆకుకూరలు పనికివస్తాయి. ఈశ్వరమ్మకు వచ్చింది చత్వారం. నలభై దాటితే కంటిలోపలి కటకం బిరుసెక్కి, దగ్గరి వస్తువు మసకబారుతుంది. కిలోలకు కిలోలు క్యారట్ తిన్నా అది తగ్గదు. కంటి పరీక్ష చేయించుకుని అద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం ఎక్కుతుంది.

రసం మానేసిన మర్నాడే చేతుల రంగు పోదు. కొవ్వులో చేరిన రంగు మెల్లగా కరగాలి. కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటికీ తగ్గకపోయినా, పెద్దగా క్యారట్, బొప్పాయి తినకుండానే చేతులు ఇలా పచ్చబడినా, డాక్టరుకు చూపించాలి. షుగరు జబ్బులో, థైరాయిడ్ తక్కువగా పనిచేసేవాళ్లలో ఈ రంగు ఎక్కువగా నిలిచిపోతుంది. ఆ రెండింటికీ రక్త పరీక్ష చేస్తారు.