పశుగ్రాసపు కాగితంలో ఎకరాలు, హెక్టార్లు, బస్తాలు: విత్తనం, ఎరువు లెక్క సరిచూసుకొనుట

పాతబస్తీలో గేదెలు పెంచే మన సంఘ సభ్యులలో చాలామందికి ఇంటి వెనుక కొట్టం ఉంటుంది గాని గడ్డి పెంచుకొనే నేల ఉండదు. మూసీ దిగువన పండే పారా గడ్డి మోపులు కొని మేపుతారు. కొందరికి మాత్రం ఊరి వెలుపల సొంతంగానో కౌలుకో కొద్దిపాటి నేల ఉంది. అందులో పచ్చిమేతకు మొక్కజొన్న వేయదలచి ఒక సభ్యుడు ఇటీవల మా వద్దకు ఒక కాగితం తెచ్చాడు. నేల మహేశ్వరం వైపు ఉన్నది. విత్తనం, ఎరువులు కొనడానికి అప్పు కోసం ఎవరో వ్రాసి ఇచ్చిన పథకం అది. ఆ కాగితాన్నే ఈ నెల పాఠంగా తీసుకుంటున్నాము.

కాగితంలో ఉన్నది ఇది. విస్తీర్ణం 1.30 ఎకరాలు. విత్తనం 65 కిలోలు. డీ.ఏ.పీ. మూడున్నర బస్తాలు. యూరియా ఆరు బస్తాలు. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ బస్తామూ ముప్పాతిక. కింద చిన్న అక్షరాలతో మోతాదు ఇలా ఉంది: విత్తనం 50 కిలోలు, నత్రజని 120, భాస్వరం 60, పొటాష్ 40 కిలోలు.

ఈ మోతాదు ఎంత నేలకో అందులో వ్రాయలేదు. సభ్యుడిని అడిగితే, “ఎకరాకే గదా సార్, పైన ఎకరాలని ఉన్నది” అన్నాడు. వ్రాసినవారూ అలాగే అనుకొని ఉంటారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల వారి పట్టికలు ఎక్కువగా హెక్టారుకు వ్రాసి ఉంటాయి. 50, 120, 60, 40 అనే గుండ్రని అంకెలు హెక్టారు పట్టికలో కనిపించేవే. హెక్టారు అంటే సుమారు 2.47 ఎకరాలు. హెక్టారు అంకెను ఎకరా అంకెగా తీసుకొన్నవాడు ప్రతి వస్తువునూ దాదాపు రెండున్నర రెట్లు వేస్తాడు.

రెండవ పొరపాటు ఇంకా చిన్నగా కనిపిస్తుంది. విస్తీర్ణం 1.30 అని పహాణీలో ఉన్నది. తెలంగాణలో పహాణీ వ్రాత ఎకరాలు, గుంటలు. కనుక ఇది ఒక ఎకరం ముప్పై గుంటలు. ఎకరానికి నలభై గుంటలు, అంటే ఈ నేల ఎకరమూ మూడు పాళ్లు, దశాంశంలో 1.75. వ్రాసినవారు చుక్కను దశాంశంగా చదివి 1.3 తో గుణించారు. కర్నూలు వైపు నుంచి వచ్చిన కాగితమైతే అదే 1.30 కి అర్థం ఎకరం ముప్పై సెంట్లు. అక్కడ ఎకరానికి నూరు సెంట్లు కాబట్టి దశాంశంగా చదివినా సరిపోతుంది. చుక్క తర్వాత అంకె 39 దాటి ఉంటే అవి గుంటలు కావని తెలుసుకోవచ్చు. 39 లోపు ఉంటే మాత్రం కాగితం ఏ ప్రాంతానిదో చూడక తప్పదు.

ఈ రెండు పొరపాట్లలో ఒకటి అంకెను పెంచింది, మరొకటి తగ్గించింది. అందుకే చివరి లెక్క మరీ వింతగా కనబడలేదు. రెండున్నర రెట్లు ఉండవలసిన తప్పు 1.8 రెట్ల వద్ద ఆగింది. ఇలాంటి కాగితం అనుభవం ఉన్న కంటికి కూడా చిక్కదు. ఆరు బస్తాల యూరియా అంటే ఎవరూ ఉలిక్కిపడరు.

దీనికి మేము వాడే ఉపాయం ఒకటి ఉన్నది. నేలను ఎకరాలలోనో హెక్టార్లలోనో కాక గుంటలలో చూడాలి. హెక్టారుకు 98.8 గుంటలు, అంటే ఇంచుమించు నూరు. కనుక హెక్టారు మోతాదును నూరుతో భాగిస్తే గుంట మోతాదు వస్తుంది. కాగితం, పెన్సిలు అక్కరలేదు. తేడా నూటికి ఒకటి కంటే కొద్దిగా ఎక్కువ, పొలం పనికి అది లెక్కలోకి రాదు.

ఆ సభ్యుని నేల 40, 30 కలిపి 70 గుంటలు. విత్తనం గుంటకు అర కిలో, మొత్తం 35 కిలోలు. నత్రజని గుంటకు 1.2 కిలోలు, మొత్తం 84. భాస్వరం 42. పొటాష్ 28. కాగితంలో 65 కిలోల విత్తనం ఉన్నదని ఇప్పుడు పక్కన పెట్టి చూస్తే తప్పు కంటికి కనిపిస్తుంది.

ఈ కిలోలను బస్తాలుగా మార్చడం తరువాతి పని. బస్తా మీద వ్రాసిన శాతం ఇక్కడ కావాలి. డీ.ఏ.పీ.లో నూటికి 18 పాళ్లు నత్రజని, 46 పాళ్లు భాస్వరం. యూరియాలో 46 పాళ్లు నత్రజని. మ్యూరేట్‌లో 60 పాళ్లు పొటాష్. భాస్వరంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే డీ.ఏ.పీ. తనతో కొంత నత్రజనిని కూడా తెస్తుంది. 42 కిలోల భాస్వరానికి 91 కిలోల డీ.ఏ.పీ. కావాలి. అందులో నత్రజని 16 కిలోల పైచిలుకు వస్తుంది. 84 లో అది తీసివేస్తే మిగిలేది సుమారు 67.6 కిలోలు. దానిని 0.46 తో భాగిస్తే యూరియా 147 కిలోలు. పొటాష్ 28 కిలోలకు మ్యూరేట్ 47 కిలోలు, అంటే ఒక 50 కిలోల బస్తాకు కొద్దిగా తక్కువ. డీ.ఏ.పీ. నత్రజనిని తీసివేయడం మరచినవారు యూరియాను 182 కిలోలుగా లెక్కిస్తారు. ఈ మరపు చాలా తరచుగా జరుగుతుంది.

147 కిలోలు ఎన్ని బస్తాలు? యూరియా బస్తా 2018 మార్చికి ముందు 50 కిలోలు. అప్పటి నుంచి 45 కిలోలు. పాత అలవాటు చొప్పున మూడు బస్తాలు అనుకొంటే 135 కిలోలే వస్తాయి, 12 కిలోలు తక్కువ. డీ.ఏ.పీ., మ్యూరేట్ బస్తాలు 50 కిలోలవే. ఒకే కాగితంలో 45 కిలోల బస్తా, 50 కిలోల బస్తా పక్కపక్కనే “బస్తాలు” అని వ్రాస్తే చదివేవాడికి తెలియదు. కాగితంలో ముందు కిలోలు వ్రాసి ఆ తర్వాతనే బస్తాలు వ్రాయించుకోవాలి. గంధకపు పూత పూసిన యూరియా కూడా వస్తున్నది. అందులో నత్రజని నూటికి 37 పాళ్లే. కనుక బస్తా మీది శాతం చదవకుండా 46 అనుకోకూడదు.

వేసే వేళ కూడా లెక్కలో చేరుతుంది. డీ.ఏ.పీ., పొటాష్ మొత్తం విత్తేనాడే వేయాలి. నత్రజనిలో సగం, అంటే 42 కిలోలు, విత్తేనాడు. అందులో డీ.ఏ.పీ. ఇచ్చినది పోను యూరియా 56 కిలోలు. మిగిలిన సగానికి 91 కిలోల యూరియా నెల దినాల తర్వాత, నేలలో పదును ఉన్నప్పుడు. ఈ రెండూ కలిపితే 147. కూడి చూసుకొనే చోటు ఇది కూడా.

కాగితంలోని ఆరు బస్తాలు వేస్తే ఏమవుతుందో చూద్దాం. 270 కిలోల యూరియాలో నత్రజని 124, మూడున్నర బస్తాల డీ.ఏ.పీ.లో 31, మొత్తం 155 కిలోలు, 70 గుంటలకు. గుంటకు 2.2 కిలోలు. కావలసినది 1.2. డబ్బు వృథా కావడం ఒక సంగతి. గేదెకు జరిగేది అంతకంటే పెద్దది. మొక్కజొన్న, జొన్న, సజ్జ, ఓట్లు నత్రజని ఎక్కువైనప్పుడు దానిని నైట్రేటు రూపంలో మొక్కలో నిలువ చేసుకుంటాయి. నీటి ఎద్దడిలో, మబ్బు పట్టిన రోజుల్లో, ఎద్దడి తర్వాత వాన పడిన కొద్దిరోజుల పాటు ఈ నిలువ ఇంకా పెరుగుతుంది. కాండం అడుగు భాగంలోనే ఎక్కువ. అలాంటి మేత ఒక్కసారిగా కడుపునిండా తిన్న పశువుకు ఊపిరి వేగంగా ఆడుతుంది, వణుకుతుంది, తూలుతుంది, రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది, చిగుళ్లు నల్లబడతాయి. కొన్ని గంటలలోనే ప్రాణం పోవచ్చు. ఈ గుర్తులు కనిపిస్తే ఆ మేత తీసివేసి వెంటనే పశువైద్యునికి కబురు పెట్టాలి. దీనికి ఆయన వద్ద మందు ఉంటుంది. ఎండబెట్టినంత మాత్రాన నైట్రేటు పోదు. పాతరగడ్డిగా మాగబెడితే కొంత తగ్గుతుంది. అనుమానం ఉన్న మేతను వాడే ముందు నైట్రేటు పరీక్ష చేయించాలి.

మూసీ నీరు పారే మడులకు ఈ 120 కిలోల మోతాదును కూడా అలాగే వర్తింపజేయకూడదు. ఆ నీటిలో నగరపు మురుగుతో పాటు నత్రజని వస్తుంది. అక్కడ నేలనూ నీటినీ పరీక్ష చేయించి ఎరువు తగ్గించాలి. మా సభ్యుని నేలకు బోరు నీరే కనుక ఆ చిక్కు లేదు. భూసార పరీక్షలో వేరే మోతాదు చెప్పినట్లయితే పై అంకెలను పక్కనబెట్టి దానినే గుంటలకు మార్చుకోవాలి.

విత్తనాన్ని సరిచూడడానికి పొలంలోనే మరొక మార్గం ఉన్నది. నూరు గింజలు తూచండి. 25 గ్రాములు తూగితే 50 కిలోలలో రెండు లక్షల గింజలు. హెక్టారు అంటే పదివేల చదరపు మీటర్లు కాబట్టి చదరపు మీటరుకు ఇరవై గింజలు. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు ఉంటే ఒక మీటరు సాలుకు ఆరు గింజలు పడాలి. 65 కిలోలు 70 గుంటలలో వేస్తే మీటరుకు పదకొండు పడేవి. మొలక వచ్చిన వారం నాడు మీటరు కర్ర పెట్టి నాలుగైదు చోట్ల మొక్కలు లెక్కిస్తే కాగితం తప్పిందో, విత్తే చేయి తప్పిందో, మొలక తప్పిందో తెలుస్తుంది. మొలక కొంత తగ్గడం మామూలే, ఆరుకు అయిదు ఉంటే చాలు. మరీ వత్తుగా ఉంటే కాండం సన్నబడి గాలికి పడిపోతుంది.

కాగితం దిద్దిన తర్వాత ఆ సభ్యుడు కొట్టుకు వెళ్లేసరికి 65 కిలోల విత్తనం అప్పటికే తూచి పెట్టి ఉంచారట. ముప్పై కిలోలు వెనక్కి ఇచ్చాడు. మేము ఆయనకు ఒక మాట చెప్పి పంపాము. మందు పట్టించిన విత్తనం గులాబీ రంగులోనో ఎర్రగానో ఉంటుంది. అది మిగిలితే దాణాలో కలిపి గేదెకు పెట్టకూడదు. వెనక్కి ఇవ్వలేకపోతే మరుసటి పైరుకు విడిగా, పిల్లలకూ పశువులకూ అందని చోట, చీటీ కట్టి దాచాలి.