సందేహాలు - సమాధానాలు: ఫారసీ లేఖలో మర్యాద ఎక్కడుంటుంది?

ప్రశ్న: మా శ్రీకాకుళం సర్కారును ఇంగ్లీషు కంపెనీకి ఇస్తూ 1765లో మొగలు చక్రవర్తి ఇచ్చిన ఫర్మానాకు ఇంగ్లీషు అనువాదం చదివాను. ‘శుభవేళ’ అంటాడు, ఫర్మానా ‘దిగివచ్చింది’ అంటాడు, అది ‘విధేయతకు తగినది’ అంటాడు. ఇది పొగడ్తా, ఆజ్ఞా? ఇంత అలంకారాన్ని ఇంగ్లీషులోకి తేవడం అవసరమా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం

జవాబు: మాస్టారూ, మీరు చూసిన మాటలు షా ఆలం సొంతంగా చెప్పినవి కావు. మొగలు దఫ్తరులో ఫర్మానా రాసే మున్షీలందరికీ కంఠతా వచ్చిన వరుస అది. ‘దరీన్ వక్తే మైమనత్ ఇఖ్తిరాన్, ఫర్మానే వాలాషాన్ వాజిబుల్ ఇజ్ఆన్’ అని సాగుతుంది. ఎకరం మాన్యం ఇచ్చినా అదే వరుస, అయిదు సర్కార్లు ఇచ్చినా అదే వరుస. అందులో ‘మైమనత్’, ‘వాలాషాన్’ కేవలం నగలు. వాటిని ఇంగ్లీషులో వదిలేసినా నష్టం లేదు.

‘వాజిబ్’ సంగతి వేరు. మన ఊళ్ళలో ‘వాజిబు’ అంటే న్యాయమైనదనే అర్థం మిగిలింది. ఫారసీ దఫ్తరులో మాత్రం దానికి ‘చేసి తీరవలసినది’ అని అర్థం. ‘వాజిబుల్ ఇజ్ఆన్’ అంటే శిరసావహించక తప్పనిది. దాన్ని ‘విధేయతకు తగినది’ అంటే ఆజ్ఞ కాస్తా సిఫారసైపోయింది. తగినది అన్నాక పాటించాలా వద్దా అన్నది చదివేవాడి ఇష్టం. ‘తప్పనిది’లో ఆ వెసులుబాటు ఉండదు. నగలన్నీ భద్రంగా తెచ్చి పెట్టిన అనువాదకుడు అసలు బరువున్న ఒక్క మాటను జారవిడిచాడు.

ఇంకో సంగతి. 1765 ఆగస్టు 12న ఆ ఫర్మానా వెలువడేనాటికి షా ఆలం కంపెనీ అండన ఉన్నాడు. సర్కార్లేమో నిజాం ఏలుబడిలో ఉన్నాయి. నిజాం అలీ దాన్ని ఒప్పుకోలేదు. అందుకే 1766 నవంబరు 12న కంపెనీ హైదరాబాదులో వేరే ఒడంబడిక చేసుకోవలసి వచ్చింది. చక్రవర్తికి బలం లేదు గనుక అనువాదంలో ‘వాజిబ్’ను పలచన చేయవచ్చా అని మీకు తోచవచ్చు. చేయకూడదు. అనువాదకుడు తూచవలసింది మాటల బరువును. రాసినవాడికి సైన్యం ఎంత ఉందో లెక్క చూసుకోవడం లేఖ అందుకున్నవాడి పని.

ప్రశ్న: విజయనగరం సంస్థానం కంపెనీకి ‘పేష్కష్’ కట్టేది. కంపెనీ కూడా నిజాముకు ‘పేష్కష్’ కట్టిందని చదివాను. దీన్ని ఇంగ్లీషులో కప్పం అనాలా, కౌలు అనాలా, కానుక అనాలా?
– పాఠకురాలు, విజయనగరం

జవాబు: పేష్ అంటే ముందు. కష్ అంటే లాగడం. పెద్దవాడి ముందుకు జరిపి పెట్టేది పేష్కష్. ఇచ్చేవాడు తానే మనసుపడి ఇస్తున్నట్టు మాట ధ్వనిస్తుంది. ఇవ్వకపోతే ఏమవుతుందో మీ జిల్లావాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు. కంపెనీ అడిగిన పేష్కష్ తగాదా ముదిరే 1794 జూలై 10న పద్మనాభం యుద్ధం జరిగింది, చిన విజయరామరాజు నేలకొరిగాడు. 1802లో శాశ్వత పరిష్కారం చేసినప్పుడు సంస్థానానికి కట్టిన మొత్తాన్ని కూడా పేష్కష్ అనే అన్నారు. అది 5 లక్షలు.

1766 ఒడంబడిక ప్రకారం కంపెనీ నిజాముకు ఏటా ఇవ్వాల్సింది రాజమండ్రి, ఏలూరు, ముస్తఫానగర్ మూడింటికీ కలిపి 5 లక్షలు, శ్రీకాకుళానికి 2 లక్షలు, ముర్తజానగర్ అంటే గుంటూరు చేతికి వచ్చాక దానికి 2 లక్షలు. దీన్ని ఇంగ్లీషులో కప్పం అని రాస్తే కంపెనీ నిజాముకు సామంతురాలని ఒప్పుకున్నట్టు. కౌలు అంటే నేల నిజాందేనని ఒప్పుకున్నట్టు. కానుక అంటే నచ్చని ఏడాది మానుకోవచ్చు. మూడూ తప్పే. కంపెనీ గుమాస్తాలు ‘పేష్‌కష్’ అనే మాటనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టి వదిలేశారు. ఈ విషయంలో వాళ్ళు చేసింది సరైన పని అని నా అభిప్రాయం. రెండు పక్షాలూ ఒకే మాటకు రెండు అర్థాలు చెప్పుకుంటూ సర్దుకుపోతున్నప్పుడు, అందులో ఒక అర్థాన్ని ఖాయం చేసే హక్కు అనువాదకుడికి లేదు. నిజాం హక్కు ఏమిటన్న పేచీ 1823లో కంపెనీ 11,66,666 రూపాయలు ఒక్కసారిగా ఇచ్చి కొనేసుకునేదాకా నడిచింది.

ప్రశ్న: 1789లో కారన్‌వాలిస్ నిజాముకు రాసిన ఉత్తరాన్ని సంధితో సమానం అంటారు. ఉత్తరం సంధి ఎలా అవుతుంది?
– ఎం.ఏ. చరిత్ర విద్యార్థి, బొబ్బిలి

జవాబు: 1768 సంధిలో ఆరో షరతు ఉంది. నిజాం కోరినప్పుడు కంపెనీ రెండు పటాలాల సిపాయిలను, ఆరు ఫిరంగులను పంపాలి. అయితే ‘కంపెనీ వ్యవహారాలు అనుమతిస్తే’ అని ఒక మెలిక పెట్టారు. మనవాళ్ళు ‘వీలు చూసుకుని వస్తాం లెండి’ అన్నట్టు. ఆ ‘వీలు’ ఎప్పుడూ కుదరలేదు.

గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికి వచ్చాక నిజాం తన దూత మీర్ ఆలంను కలకత్తాకు పంపి, ఆ షరతు సంగతి తేల్చమన్నాడు. కారన్‌వాలిస్ చేతులు కట్టేసి ఉన్నాయి. 1784 చట్టం ప్రకారం లండన్ అనుమతి లేకుండా యుద్ధానికి దారితీసే కొత్త సంధి చేసుకోకూడదు. అందుకని 1789 జూలై 7న ఒక ఉత్తరం రాశాడు. ఇది కొత్త ఒప్పందం కాదు, పాత షరతుకు వివరణ మాత్రమే అన్నాడు. ఆ వివరణలో ‘వ్యవహారాలు అనుమతిస్తే’ అనే మెలికను తీసేశాడు. మీరు ఎప్పుడు అడిగితే అప్పుడు సైన్యం పంపుతాం, కంపెనీ మిత్రుల మీద మాత్రం వాడకూడదు అన్నాడు. మిత్రుల పేర్లు వరసగా రాశాడు. పీష్వా, సింధియా, ఆర్కాటు నవాబు, తంజావూరు, తిరువాన్కూరు రాజులు, ఇలా. అందులో టిప్పు సుల్తాను పేరు లేదు.

ఉత్తరం మొత్తంలో టిప్పు మీద ఒక్క పరుషవాక్యం కనబడదు. అయినా చదివిన ప్రతివాడికీ విషయం తెలిసిపోయింది, టిప్పుకూ తెలిసింది. బలమంతా రాయని పేరులో ఉంది.

ఇక్కడ అనువాదకులు నేర్చుకోవలసింది ఉంది. ఫారసీ మున్షీకి జాబితా చివర ‘వ గైరహ్’ తగిలించడం అలవాటు. మన వగైరా అదే. ఈ జాబితాకు ఏ మున్షీ అయినా అలవాటు చొప్పున ఆ మాట తగిలిస్తే చాలు, టిప్పు కూడా మిత్రుల్లో చేరిపోయేవాడు, ఉత్తరం పనికిరాకుండా పోయేది. ఇటునుంచి అటైనా అంతే. మూలంలో వగైరా ఉంటే ఇంగ్లీషులో ఉండాలి. లేకపోతే ఉండకూడదు. జాబితా బోసిగా ఉందని సరిచేయబోకండి.

ప్రశ్న: నాకు ఉర్దూ వచ్చు, ఇప్పుడు ఇరాన్ ఫారసీ నేర్చుకుంటున్నాను. ఓడ సిబ్బంది నిర్బంధం గురించి ఒక ఎంబసీ విదేశాంగ శాఖకు రాసినట్టుగా మా మాస్టారు ఒక అభ్యాసపాఠం ఇచ్చారు. నా ఇంగ్లీషు అనువాదం జతచేశాను. ఆయన చాలాచోట్ల ఎర్ర సిరా పెట్టారు, కారణం రాయలేదు. మీరు చెప్పగలరా?
– పాఠకుడు, సోంపేట

జవాబు: బాబూ, నీ తప్పుల్లో రెండు ఉర్దూ వల్ల వచ్చినవి. మొదటి వాక్యంలో ‘తఆరోఫాత్’ ఉంది. ఉర్దూలో తఆరుఫ్ అంటే పరిచయం గనుక ఎంబసీ తనను తాను పరిచయం చేసుకుంటోందని రాశావు. ఇరానులో అది మర్యాదవచనం. ఇంగ్లీషు దౌత్యభాషలో దానికి స్థిరపడిన జోడీ ఒకటే ఉంది. ‘ది ఎంబసీ ప్రెజెంట్స్ ఇట్స్ కాంప్లిమెంట్స్’. దీన్ని మార్చకు, మెరుగుపరచకు.

రెండోది ఇంకా ప్రమాదం. ‘ఎంతెజార్ మీ రవద్’ని ‘ఎదురుచూస్తున్నాం’ అన్నావు. ఉర్దూలో ఇంతెజార్ నిరీక్షణ. ఇక్కడ దాని అర్థం ‘జరగాలని భావిస్తున్నాం’. సిబ్బందిని కలిసేందుకు దౌత్యాధికారికి అనుమతి రావాలి అని గట్టిగా అడిగే చోట నువ్వు ఎంబసీని గుమ్మంలో నిలబెట్టి ఎదురుచూయించావు. ‘ఇట్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ దట్’ అని రాయి.

కోరికకు ఫారసీలో మెట్లున్నాయి, అవి తెలిస్తే సగం పని అయినట్టే. అన్నిటికన్నా మెత్తనిది ‘మూజెబె ఎమ్తెనాన్ ఖాహద్ బూద్’. చేస్తే కృతజ్ఞులమై ఉంటాం అని. దీనికి ‘వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్’ సరిపోతుంది. దానిపైది ‘ఖాహెష్‌మంద్ అస్త్’, మామూలు అభ్యర్థన, ‘రిక్వెస్ట్స్’. ఆ పైమెట్టు నీ పాఠంలోని ‘ఎంతెజార్’. అన్నిటికన్నా పైన ‘మొగ్తజీ అస్త్’. ఇరాన్ కచేరీల్లో పై అధికారి కింది అధికారికి రాసే మాట అది. ఒక దేశం ఇంకో దేశానికి అలా రాసిందంటే కోపం వచ్చినట్టే.

అభ్యర్థన పక్కన తరచు ‘దస్తూర్ ఫర్మాయంద్’ కనిపిస్తుంది, నీ పాఠంలోనూ ఉంది. మాటకు మాట పెడితే ‘ఆజ్ఞ దయచేయండి’. నువ్వు ‘ఆర్డర్ జారీ చేయాలి’ అని రాశావు, మర్యాద తిరగబడి ఆదేశమైపోయింది. మన పాత ఉత్తరాల చివర ‘చిత్తగించవలెను’ అని ఉండేది. ‘వలెను’ ఉంది గదా అని దాన్ని హుకుం అంటామా? ‘ఫర్మాయంద్’ కూడా అలాంటిదే. ఎదుటివాడు చేసే పనిని పెద్దరికంగా చెప్పడం. ఇంగ్లీషులో ఆ పెద్దరికానికి క్రియ లేదు. అందుకని ‘కైండ్లీ అరేంజ్’ దగ్గర ఆగాలి. ఆజ్ఞ ఊసే రాకూడదు.

నాలుగో వాక్యంలో ‘హగ్గె ఖోద్ రా మహ్‌ఫూజ్ మీదానద్’. తన హక్కును భద్రంగా ఉంచుకుంటోంది అని తేలిగ్గా రాశావు. వినడానికి మెత్తగా ఉన్నా పాఠం మొత్తంలో కటువైన వాక్యం ఇదే. ప్రతిచర్యకు దారి తెరిచి పెట్టుకున్నామని దాని భావం. ‘రిజర్వ్స్ ఇట్స్ రైట్’ తప్ప మరేదీ పెట్టకు. హెచ్చరిక అని కూడా రాయకు. హెచ్చరించాలంటే ఫారసీలో ‘ఎఖ్తార్’ ఉంది. వాళ్ళు దాన్ని వాడకుండా ఆగారు, ఆ ఆగడం ఇంగ్లీషులోనూ కనపడాలి. అలాగే ‘తఅస్సోఫ్’ విచారమే గాని క్షమాపణ కాదు. ‘పూజెష్’ ఉంటేనే క్షమాపణ అని రాయి.

నీ పని నువ్వే సరిచూసుకోవడానికి ఒక పద్ధతి చెబుతాను. ఇంగ్లీషు వాక్యం రాశాక ఫారసీ పక్కన పెట్టేసి, దాన్ని తెలుగులో నీకు నువ్వు చెప్పుకో. అందుకున్నవాడు దీనికి మొహం చెడకుండా ‘కాదు’ అనగలడా అని అడుగు. తరవాత మూలానికీ అదే ప్రశ్న వెయ్యి. రెండు జవాబులూ ఒకటి కాకపోతే మెట్టు మారిందన్నమాట.

చివరి ఎర్ర సిరా గురించి. ఇలాంటి లేఖ చివర మామూలుగా ‘ఎహ్తెరామాతె ఫాయెఖె’, అంటే అత్యున్నత గౌరవాన్ని మరోసారి తెలుపుకునే వాక్యం ఉంటుంది. ఇంగ్లీషులో ‘హైయెస్ట్ కన్సిడరేషన్’ దానికి జోడీ. మీ మాస్టారు ఇచ్చిన పాఠంలో ఆ వాక్యం లేదు. అసమ్మతి తెలపదలచినప్పుడు ముగింపును కుదించడం, వదిలేయడం దౌత్యంలో ఉన్నదే. మర్చిపోయారనుకుని నువ్వు చేర్చావు. అది తీసెయ్యి.