వేర్వేరు ఊళ్లలో సంతకాలు, ఒకే ఒప్పందం

ప్రశ్న: నేను విశాఖలో, నా వ్యాపార భాగస్వామి హైదరాబాద్‌లో ఉంటాం. సరుకు సరఫరా ఒప్పందంపై ఎవరి ఊళ్లో వాళ్లం సంతకం చేస్తే చెల్లుతుందా?

జవాబు: చెల్లుతుందండీ. ఇద్దరూ ఒకే కాగితంపై సంతకం చేయాలన్న నియమం లేదు. గొడవ ఎక్కువగా వచ్చేది ప్రతుల్లో తేడా ఉన్నప్పుడు. అందుకే ఈ షరతు రాయించండి: ‘వేర్వేరు ప్రతులపై చేసిన సంతకాలన్నీ కలిసి ఒకే ఒప్పందం. సంతకం చేసిన ప్రతిని స్కాన్ చేసి ఈమెయిల్‌లో పంపితే అందజేసినట్లే.’

ముందు తుది పాఠాన్ని పీడీఎఫ్‌గా ఖరారు చేయండి. ఇద్దరూ అదే ప్రింటు తీసి, ప్రతి పేజీపైనా సంతకం పెట్టండి. చివరి పేజీ ఒక్కటే కాకుండా మొత్తం ప్రతిని పంపండి. లేకపోతే మధ్య పేజీలు మార్చారన్న అనుమానం వస్తుంది. ఒప్పందం ఏ తేదీ నుంచి అమలో అందులోనే రాయండి.

స్టాంపు సుంకం సంగతి మాత్రం ముందే న్యాయవాదిని అడగండి. రిజిస్ట్రేషన్ అవసరమైన భూమి పత్రాలు, లేదా వీలునామా వంటివి ఉన్నా ముందే న్యాయవాదిని కలవండి.